ప్యాకేజీలో ఏముందో ముందే చెప్పండి

తెనాలి బస్టాండు దగ్గర ఫ్లెక్సీ అయినా, రేపల్లె లోకల్ కేబుల్‌లో వచ్చే ప్రకటన అయినా, బాపట్లలో పేపరు మడతలో పెట్టే కరపత్రమైనా హెల్త్ చెకప్ ప్రకటనలకు ఒక అచ్చు ఉంది. మొదట భయం: ‘మీ గుండె ఎంత పదిలం?’ అనే గంభీరమైన గొంతు. తర్వాత అంకె: ‘72 పరీక్షలు’. ఆ తర్వాత కొట్టేసిన పాత ధర, పక్కనే కొత్త ధర, కింద ఫోన్ నంబరు. ఆ 72లో ఏమున్నాయో, అవి ఎవరికి అవసరమో, ఎలా రావాలో మాత్రం చెప్పరు. నిమిషం ప్రకటనలో మూడొంతులు భయానికే పోతే అసలు సంగతికి చోటెక్కడిది?

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. చేతి నుంచి ఒకసారి తీసిన రక్తంతో సీబీపీ చేస్తారు. యంత్రం దాన్ని హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అంటూ పద్దెనిమిది వరుసలుగా అచ్చేసి ఇస్తుంది. కొలెస్ట్రాల్ పరీక్షలో సాధారణంగా కొలిచేవి మూడే: మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు. మిగతావి చాలా ల్యాబుల్లో ఆ మూడింటి నుంచి కూడికలు, తీసివేతలు, భాగహారాలతో తేల్చినవే. అయినా కాగితం మీద అవన్నీ కలిపి ఎనిమిది ‘పరీక్షలు’. లివర్ పరీక్షలో పది వరుసలు, మూత్ర పరీక్షలో రంగుతో సహా పదహారు. నాలుగు మామూలు పరీక్షలకే లెక్క 52కు చేరింది. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ వినేవాడు 52 జబ్బులకు 52 పరీక్షలు అనుకుంటాడు. నాలుగని చెబితే ఆ ధరను పక్క ల్యాబు ధరతో పోల్చుకోగలడు, 52 అంటే పోల్చుకోలేడు.

వరుసలు పెరిగితే ఇంకో చిక్కు ఉంది. రిపోర్టులో కనిపించే నార్మల్ హద్దుల్లో చాలావాటిని, ఆరోగ్యవంతులు వందమందిలో 95 మంది లోపల పడేలా గీస్తారు. అంటే ఏ జబ్బూ లేని ఐదుగురు కూడా ఆ గీత బయట ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై కొలతలు తీస్తే, పూర్తి ఆరోగ్యవంతుడికైనా కనీసం ఒక్కటి హద్దు దాటే అవకాశం నూటికి 64. నిజానికి కొన్ని కొలతలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే ఉంటాయి కాబట్టి లెక్క అచ్చంగా ఇలాగే రాదు. అయినా వరుసలు పెరిగేకొద్దీ బోల్డ్ అక్షరాల్లో ఒక అంకె కనబడే అవకాశం పెరుగుతుంది. భయపెట్టి రప్పించిన మనిషి చేతికి అలాంటి కాగితమిస్తే, డాక్టరు గదికి వెళ్లేలోపే అతని మనసులో జబ్బు ఖాయమైపోతుంది. అందుకే డాక్టరు కూర్చుని రిపోర్టు వివరించడం ప్యాకేజీలో ఉందా, దానికి విడిగా ఫీజు కట్టాలా అన్నది ప్రకటనలో ఉండాల్సిన మొదటి వివరాల్లో ఒకటి.

‘క్యాన్సర్ పరీక్ష కూడా ఉచితం’ అనే మాట దగ్గర ఇంకొంచెం ఆగాలి. ప్యాకేజీల్లో ఆడవాళ్లకు కలిపే సీఏ-125 నెలసరి రోజుల్లోనూ పెరుగుతుంది, గర్భాశయంలో గడ్డలున్నా పెరుగుతుంది. క్యాన్సర్ తొలిదశలో ఉన్నా పెరగకపోవచ్చు. ఏ లక్షణమూ లేనివాళ్లకు దాన్ని స్క్రీనింగ్‌గా చేయడాన్ని వైద్య మార్గదర్శకాలు సమర్థించవు. నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల కోసం ముప్పై దాటినవారిని పరీక్షించే కార్యక్రమం ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఉంది. ఆ విషయం ప్రైవేటు ప్రకటన చెప్పనక్కర్లేదు. కానీ లేని భరోసా అమ్మకూడదు.

ఇక ఎలా రావాలన్నది. రేపల్లె నుంచి పొద్దున్నే రైలెక్కి పరగడుపున తెనాలి వచ్చే షుగర్ పేషెంటును తలచుకోండి. అలవాటు ప్రకారం మాత్ర వేసుకున్నాడు, ఏమీ తినలేదు, లైన్లో గంట నిలబడ్డాడు. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరుగుతాయి. షుగర్ పడిపోవడమంటే అదే. ప్రకటనలో ఒక్క వాక్యం ఉంటే ఇది తప్పుతుంది. ఇంకో సంగతి, తిన్న తర్వాత షుగర్ చూడాలంటే టిఫిన్ మొదలుపెట్టిన రెండు గంటలకు మళ్లీ రక్తం ఇవ్వాలి. అది ముందే తెలిస్తే బాపట్ల మనిషి తిరుగు బండి దానికి తగ్గట్టు చూసుకుంటాడు. తెలియకపోతే రెండో రక్తం ఇవ్వకుండానే స్టేషన్‌కు పరుగెడతాడు.

విమర్శించి ఊరుకోవడం తేలిక కాబట్టి నేనైతే ఎలా రాస్తానో కూడా చెబుతాను. ధర, సమయాలు ఊహించి పెట్టినవి. తెర మీద రక్తం తీసే గది, డాక్టరు గది చాలు. అంబులెన్సు కూత, ఏడ్చే పిల్లలు వద్దు. గొంతు పక్కింటి మనిషిది.

“ముప్పై దాటిందా? బీపీ, షుగర్ చూపించుకుని ఏడాది దాటిందా? మా చెకప్‌లో ఉన్నవి ఇవి: బీపీ, బరువు, నడుము కొలత. సీబీపీ. పరగడుపున, తిన్న రెండు గంటలకు షుగర్. కొలెస్ట్రాల్. కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్ర పరీక్ష. ఈసీజీ. చివర్లో డాక్టరుగారు రిపోర్టు చూసి మీతో మాట్లాడతారు. అన్నీ కలిపి 1,500 రూపాయలు. స్కానింగ్, టూడీ ఎకో ఇందులో లేవు. అవసరమైతే ధర ముందే చెబుతాం, ఎక్కడ చేయించుకోవాలన్నది మీ ఇష్టం. రాత్రి భోంచేశాక పది గంటలు ఏమీ తినకండి, మంచినీళ్లు తాగొచ్చు. మందులు వాడుతుంటే, ముఖ్యంగా షుగర్ మాత్రలు, ఇన్సులిన్, ముందురోజే ఫోన్ చేసి అడగండి. ఏడింటికి వస్తే పన్నెండు లోపు పని అవుతుంది. ఈసీజీ బాగున్నంత మాత్రాన రక్తనాళాల్లో పూడికలు లేవని కాదు. ఛాతీనొప్పి, ఆయాసం ఉంటే చెకప్ కోసం ఆగకండి, 108కి ఫోన్ చేయండి.”

ఇది నిమిషంలో చదివేయొచ్చు. ఇందులో ‘ఆయుష్షు పెరుగుతుంది’ అన్న మాట కావాలనే రాయలేదు. సాధారణ చెకప్‌ల మీద జరిగిన 17 ప్రయోగాలను కోక్రేన్ సంస్థ 2019లో సమీక్షించింది. లెక్కకు దొరికినవారు రెండున్నర లక్షల మంది. చెకప్‌కు పిలిచినవారిలో, పిలవనివారిలో మరణాలు ఇంచుమించు సమానమే. అవి ఎక్కువగా వైద్యం అందుబాటులో ఉన్న సంపన్న దేశాల ప్రయోగాలు. బయటపడని బీపీ, షుగర్ కనిపెట్టడం మన దగ్గర ఉపయోగమే. కానీ ప్రాణాలు కాపాడతామనే హామీకి ఆధారం లేదు.

చట్టం సంగతికొస్తే, తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్రం 2022 జూన్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. షరతులు పెడితే ప్రకటన ఏ భాషలో ఉందో అదే భాషలో, అదే అక్షరాల తీరులో, కనబడే చోట ఉండాలి. తెలుగులో ఊరించి, అడుగున ఇంగ్లిషు చీమ అక్షరాల్లో ‘షరతులు వర్తిస్తాయి’ అనడం కుదరదు. ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

‘భయపెట్టకపోతే ఎవరొస్తారు?’ అని ఆసుపత్రివాళ్లు అడగొచ్చు. భయపెడితే ఎవరు వస్తారో చూడండి. చిన్న నొప్పికే కంగారుపడేవాళ్లు ఏడాదికి రెండుసార్లు వస్తారు. ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉండి, తనకూ ఉందేమోనని లోలోపల అనుమానమున్న మనిషి ఆ ప్రకటన రాగానే చానల్ మారుస్తాడు, ఏం బయటపడుతుందోనని. చెకప్ నిజంగా అక్కరకొచ్చేది అతనికే. అతన్ని రప్పించాలంటే ఎంతవుతుంది, ఎంతసేపు పడుతుంది, తేడా కనబడితే తర్వాత ఏం చేస్తారు అన్నవి చెప్పాలి. అవి చెప్పిన ప్రకటనకు గంభీరమైన గొంతు అక్కర్లేదు.