సోదెమ్మను వేదిక మీదికి పిలిచే ముందు

ఆగస్టు 9 వస్తే మన బడుల్లో, హాస్టళ్లలో ఆదివాసీ దినోత్సవం జరుగుతుంది. వేదిక కడతారు, ఫ్లెక్సీ వేస్తారు, ముఖ్య అతిథికి శాలువా కప్పుతారు. అతిథి చదువు, ఉద్యోగం, పదవులు వరసపెట్టి చెబుతారు. చివర్లో మైకు పట్టుకున్నాయన "ఇప్పుడు గిరిజన కళాకారుల ప్రదర్శన" అని ఒక్క ముక్క అని పక్కకు తప్పుకుంటాడు. ఎవరు, ఏ ఊరు, ఏ తెగ, ఏం చేయబోతున్నారు అన్నది ఉండదు. దీన్ని పరిచయం అనడానికి మేము ఒప్పుకోం. వచ్చినామెను పేరు లేకుండా నిలబెట్టడం అది.

పుత్తూరు ప్రాంతంలో ఈ నష్టం ఎక్కువగా పడేది ఎరుకల సోదెమ్మ మీద. అందుకే ఆమె ఒక్కదాని గురించే ఇక్కడ మాట్లాడుతున్నాం.

మొదటి దెబ్బ ఆ మాటతోనే తగులుతుంది. 'సోది' అంటే ఎరుక చెప్పడం. ఈ రోజు బడిలోనూ బజార్లోనూ సోది అంటే పనికిరాని మాట. "సోది ఆపు" అని పిల్లలే కాదు, అయ్యవార్లూ అంటారు. ఒక తెగ ఆడవాళ్ల విద్య పేరు తిట్టయి కూర్చుంది. ఒక సభలో వ్యాఖ్యాత "నా సోది చాలు, ఇక అసలు సోది వినండి" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. ఆ తర్వాత సోదెమ్మ నోరు తెరిచిన ప్రతిసారీ నవ్వే. ఆమె బాగా చెప్పిందా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే ఇది నవ్వాల్సిన సంగతి అని ముందే వాళ్లకు చెప్పేశారు. ఆ జనంలో ఎరుకల పిల్లలూ ఉంటారు. మరుసటి రోజు నుంచి వాళ్ల అవ్వ ఏం చేస్తుందో వాళ్లు నోరు విప్పి చెప్పరు.

రెండో దెబ్బ పొగడ్త రూపంలో వస్తుంది. పుత్తూరు పక్కనే నారాయణవనం. శ్రీనివాస కల్యాణ కథలో ఆకాశరాజు ఏలిన ఊరు అదే. ఆ కథలో శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం వేసుకుని రాజు ఇంటికి పోయి, ధరణీదేవికి పద్మావతి పెళ్లి గురించి ఎరుక చెబుతాడు. అందుకే మన వైపు వ్యాఖ్యాతలు "సాక్షాత్తు స్వామివారే వేసిన వేషం" అని మొదలుపెడతారు. వినడానికి బాగానే ఉంటుంది. అయితే అక్కడ గౌరవమంతా వేషం వేసినవాడికి పోతుంది. ఎదురుగా నిలబడిన ఆమెది వేషం కాదు కదా. ఆ కథను మేము వద్దనడం లేదు, తిప్పి చెప్పమంటున్నాం. రాణి వాకిట్లోకి అడ్డు లేకుండా పోగలిగినది, రాణి నమ్మి విన్నది ఎరుకలసాని మాట. దేవుడికే ఆ మాట అరువు కావాల్సి వచ్చింది.

మన పక్కన తమిళనాడులోనూ ఇదే తేడా. అక్కడి కురవంజి నాటకాల్లో సోది చెప్పే కురవ స్త్రీ ముఖ్య పాత్ర. కుట్రాల కురవంజిని 1944లో కళాక్షేత్ర రుక్మిణీదేవి నృత్యనాటకంగా వేశారు. అట్లాంటి ప్రదర్శనకు కవి ఎవరు, రాగం ఏమిటి, ఈ ఘట్టంలో ఏం చూడాలి అని ముందుగా చెప్పే అలవాటు సభల్లో ఉంది. పాత్ర వేసిన నర్తకికి అంత పరిచయం ఇస్తూ, ఆ పాత్ర ఎవరిదో ఆ మనిషే వస్తే ఒక జోకు విసురుతారు. శాస్త్రీయానికి వివరణ కావాలి, జానపదానికి అక్కర్లేదు అనే నమ్మకం ఈ తేడాకు మూలం. నిజానికి వినేవాళ్లకు తెలియనిది ఏదైనా వివరణ కావలసిందే.

సరే, సోది వినాలంటే ముందు ఏం తెలియాలి? మూడు సంగతులు చాలు.

ఒకటి, ఆమె దేవతలను వరసగా పిలుస్తూ మొదలుపెడుతుంది. కంచి, మధుర, కాశి, తిరుపతి అంటూ ఊరూరి దేవతలు వస్తారు. తెలియనివాళ్లకు అది చెప్పిందే చెప్పినట్టు ఉంటుంది, గుసగుసలు మొదలవుతాయి. ఆ వరసలోనే ఆమె గొంతు సాగదీసి లయ పట్టుకుంటుంది. అది మొదలే తప్ప సాగదీత కాదని ముందే చెబితే జనం ఓపిక పడతారు.

రెండు, సోది ఒక్క మనిషికి చెప్పేది. అడిగే ఆమె చేటలో బియ్యం పోసి, మనసులో ఒక తలపు పెట్టుకుని ఎదురుగా కూర్చుంటుంది. సోదెమ్మ చేతి కర్రతో ఆమె అరచేతిని తాకుతూ, ముఖం చూస్తూ మాట నడుపుతుంది. తీరని మొక్కు, పట్టించుకోని పెద్దలు, రావలసిన మంచి, ఇట్లా ఒక్కో వైపుకు తిప్పుతుంది. ఎదుటి తల ఊగినచోట ఆగుతుంది. వేదిక మీద ఆమెను ఒంటరిగా మైకు ముందు నిలబెడితే ఆ పని జరగదు, మాట పొడిబారుతుంది. కాబట్టి ఎదురుగా ఒకరిని కూర్చోబెట్టాలి, మైకు ఇద్దరి మధ్యా కింద పెట్టాలి. ఇదీ పరిచయం చేసేవాళ్ల పనే.

మూడు, ఆమె ఎవరు. ఎరుకలవాళ్లందరూ సోది చెప్పరు. ఉప్పు మోసిన ఉప్పు ఎరుకలు, వెదురు దబ్బలతో బుట్టలల్లే దబ్బ ఎరుకలు ఉన్నారు. ఇంట్లో కుర్రు భాష, వీధిలో తెలుగు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం తిప్పి బతికినవాళ్ల బేరం రైళ్లు వచ్చాక పడిపోయింది. తర్వాత తెల్లదొరల ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం కింద వాళ్ల పేర్లు రాసింది. 1913లో స్టూవర్టుపురం సెటిల్మెంటు పెట్టారు. ఆ చట్టం 1952లో పోయింది, అనుమానం మాత్రం పోలేదు. ఇదంతా వేదిక మీద ఏకరువు పెట్టమని కాదు. ఇది తెలిసినవాడు దొంగతనం జోకు వేయడు, అంతే.

ఒక అయ్యవారు మమ్మల్ని అడిగారు: "మూఢనమ్మకాన్ని బడిలో పరిచయం చేయమంటారా?" నమ్మమని చెప్పొద్దు, జాతకం చెప్పించుకోండి అని పిలవొద్దు. ఇది మాటతో చేసే కళ, వినండి అనండి. పురాణ నాటకానికి పిల్లలను తీసుకుపోయేటప్పుడు ఈ ప్రశ్న ఎందుకు రాదో కూడా కాస్త ఆలోచించండి.

ముందు రోజే ఆమె దగ్గరకు పోయి కూర్చోవాలి. ఏ పేరుతో పిలవాలి, తెగ పేరు చెప్పొచ్చా, బుట్టలో ఉన్న దేవతను వేదిక మీద దించుతారా అని అడగాలి. ఆమె వద్దన్నది చేయకూడదు. తర్వాత రెండు నిమిషాలు ఇట్లా చెబితే చాలు:

"ఈమె ఫలానా అవ్వ, ఫలానా ఊరు. ఎరుకల తెగ. ఎరుక అంటే తెలివిడి. వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకున్న సోది ఇప్పుడు చెబుతారు. మొదట దేవతలను పిలుస్తారు, అక్కడ గొంతు వినండి. తర్వాత ఎదురుగా కూర్చున్న అక్కతో మాట్లాడతారు, అక్కడ ఇద్దరి ముఖాలూ చూడండి. మన నోళ్లలో సోది అంటే వేరే అర్థం ఉంది. కాసేపు దాన్ని పక్కన పెడదాం. అవ్వా, మీరు మొదలుపెట్టండి."

'ఫలానా' అన్నచోట అసలు పేర్లు పెట్టాలి. అవ్వ తన విద్యను ఎవరి దగ్గర నేర్చానంటే ఆ మాటే చెప్పాలి, మన ఊహ చెప్పకూడదు. ముఖ్య అతిథి ప్రసంగానికి ముందే ఆమెను పిలవాలి, అన్నాల వేళకు కాదు. పరిచయం కుదిరిందో లేదో దేవతల వరసలోనే తెలుస్తుంది. అక్కడ జనం నవ్వితే తప్పు సోదెమ్మది కాదు, మైకు పట్టుకున్నవాళ్లది. ఈసారి ఆ మైకు మన పిల్లల్లో ఒకరి చేతికి ఇవ్వండి. ఆ అవ్వను ఏమని పిలవాలో వాళ్లకు తెలుసు.