లాభం ఒకటే, పన్నులెందుకు వేరు?

గుంటూరు నుంచి ఒక పాఠకుడు రాశారు. షేర్లలో కొద్దికొద్దిగా డబ్బు పెట్టే అలవాటు ఉందట. ఒకే వ్యాపారంలో ఉన్న రెండు కంపెనీల లెక్కలు పక్కపక్కన పెట్టుకుని చూశారు. పన్నుకు ముందు లాభం రెండింటికీ దాదాపు సమానం. కానీ ఒకటి నూటికి ఇరవై ఆరు పైచిలుకు పన్ను కట్టింది, రెండోది ఇరవై ఒకటి కూడా కట్టలేదు. ‘చట్టం ఒకటే కదండీ, రెండోవాళ్లు ఏదో గోల్‌మాల్ చేశారంటారా? లేక వాళ్లు తెలివైనవాళ్లు కాబట్టి ఆ షేరే కొనాలా?’ అని అడిగారు.

రెండూ కాకపోవచ్చు. ఈ ప్రశ్న నాకు తరచుగా వస్తుంది. అందుకే ఈ వారం దీని మీదే కూర్చున్నాను.

ముందు చట్టంలో రాసి ఉన్న రేటు సంగతి చూద్దాం. 2019 సెప్టెంబరు 20న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కంపెనీల పన్ను తగ్గించారు. మినహాయింపులు చాలావరకు వదులుకుంటామన్న కంపెనీకి 22 శాతం చాలన్నారు. పేపర్లలో ఈ 22 అంకె బాగా మోగింది గానీ, కట్టేటప్పుడు ఎవరూ 22 కట్టరు. దాని మీద 10 శాతం సర్‌చార్జి, అంటే 2.2 కలిపితే 24.2 అవుతుంది. ఆ మొత్తం మీద మళ్లీ 4 శాతం సెస్. చివరికి తేలేది 25.168 శాతం. పాత పద్ధతిలోనే ఉండిపోయిన పెద్ద కంపెనీలకు 30 శాతంతో మొదలై, సర్‌చార్జి, సెస్ కలిశాక 34.944 దాకా పోతుంది. కాబట్టి రెండు కంపెనీలు అసలు వేర్వేరు పద్ధతులు ఎంచుకుని ఉండొచ్చు, అది మొదట చూసుకోవాలి. మన పాఠకుడి రెండు కంపెనీలూ కొత్త పద్ధతిలోనే ఉన్నాయనుకుందాం. అసలు చిక్కు అక్కడే ఉంది.

25.168ని దేనితో హెచ్చవేస్తారు? కంపెనీ వాటాదారులకు చూపించే లాభంతో కాదు, ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తేలిన ఆదాయంతో. ఒకే కంపెనీకి రెండు లాభాలుంటాయి. మొదటిది కంపెనీల చట్టం, అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం పుస్తకాల్లో తేలేది. రెండోది పన్ను చట్టం ఒప్పుకున్న ఖర్చులు తీసేసి, ఒప్పుకోనివి తిరిగి కలిపి, ఏ ఆదాయానికి ఆ రేటు వేసి తేల్చేది. పన్ను రెండోదాని మీద పడుతుంది. మనం మాత్రం ఆ పన్నును మొదటిదానితో భాగించి చూస్తాం. అలా భాగిస్తే వచ్చేదే ఎఫెక్టివ్ టాక్స్ రేటు, మన మాటల్లో అసలు పడిన రేటు. పైన ఒక లెక్క, కింద ఇంకో లెక్క. ఈ రెండూ 25.168 దగ్గరే కలిస్తే అదే ఆశ్చర్యం.

అంకెలతో చూద్దాం. పేర్లెందుకు, అన్న కంపెనీ, తమ్ముడి కంపెనీ అనుకుందాం. 2024-25లో ఇద్దరి పుస్తకాల్లోనూ పన్నుకు ముందు లాభం 10 కోట్లు.

అన్న కంపెనీ ఖర్చుల్లో రెండు పద్దులున్నాయి. సామాజిక బాధ్యత కింద, అదే సీఎస్‌ఆర్ అంటారే, ఊళ్లో బడి కట్టడానికి 20 లక్షలు ఇచ్చింది. కాలుష్యం నిబంధన తప్పినందుకు 30 లక్షలు జరిమానా కట్టింది. పుస్తకాల్లో రెండూ ఖర్చులే, ఆ 50 లక్షలు పోయాకే 10 కోట్లు మిగిలింది. పన్ను చట్టం మాత్రం రెండింటినీ ఖర్చుగా ఒప్పుకోదు. చట్టం తప్పినందుకు కట్టిన డబ్బు మీద పన్ను తగ్గింపు ఇస్తే, జరిమానాలో కొంత ప్రభుత్వమే భరించినట్టు అవుతుంది కదా. సీఎస్‌ఆర్‌నీ అదే వరసలో పెట్టారు, అది నాకు కాస్త కటువుగానే అనిపిస్తుంది, అయినా రూలు రూలే. కాబట్టి 50 లక్షలు తిరిగి కలుపుతారు. పన్ను పడే ఆదాయం 10.50 కోట్లు, పన్ను 2.64 కోట్లు. 10 కోట్ల మీద చూస్తే 26.4 శాతం. చట్టంలోని రేటు కంటే ఎక్కువే పడింది.

తమ్ముడి కంపెనీకి కిందటి ఏడాది లాభం 5 కోట్లు దాటలేదు, మిగతా హద్దుల్లోకీ రాలేదు, కాబట్టి సీఎస్‌ఆర్ బాధ్యత లేదు. వీళ్ల 10 కోట్లలో వ్యాపారంలో వచ్చింది 6 కోట్లే. మిగతా 4 కోట్లు ఫ్యాక్టరీ వెనక ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్న స్థలం 2024 డిసెంబరులో అమ్మితే వచ్చిన లాభం. భూమి మీద దీర్ఘకాలిక మూలధన లాభానికి రేటు వేరు. 2024 జులై 23 నుంచి 12.5 శాతం, సర్‌చార్జి, సెస్ కలిపితే 14.3. లెక్క వేయండి: 6 కోట్ల మీద 25.168 చొప్పున 1.51 కోట్లు, 4 కోట్ల మీద 14.3 చొప్పున 57 లక్షలు. మొత్తం 2.08 కోట్లు, అంటే 20.8 శాతం. గోల్‌మాల్ ఏమీ లేదు. పైసా దాచలేదు.

ఇప్పుడు పాఠకుడి రెండో ప్రశ్నకు వద్దాం, ఏ షేరు మేలు అన్నదానికి. పన్ను పోగా అన్నకి మిగిలింది 7.36 కోట్లు, తమ్ముడికి 7.92 కోట్లు. పేపర్లో వచ్చే నికర లాభం చూసి చెప్పమంటే ఎవరైనా తమ్ముడికే ఓటేస్తారు. కానీ వచ్చే ఏడాది ఏమవుతుంది? వ్యాపారాలు ఇలాగే నడిస్తే, జరిమానా లేని అన్న లాభం 10.30 కోట్లు, సీఎస్‌ఆర్ కలిపి పన్ను మళ్లీ అదే 2.64 కోట్లు, మిగిలేది 7.66. తమ్ముడికి అమ్మడానికి ఇంకో స్థలం లేదు. 6 కోట్ల లాభం, 1.51 కోట్ల పన్ను, మిగిలేది 4.49. తక్కువ పన్ను రేటు ఇక్కడ కంపెనీ బలం కాదు, ఒకసారి వచ్చిపోయే ఆదాయానికి గుర్తు. ఎక్కువ రేటు వెనక ఉన్నదీ సగానికి పైగా ఒక ఏడాది జరిమానాయే.

ఇంకో కథ ఉంది, దీన్ని పై దానితో కలిపేయకూడదు. తమ్ముడి కంపెనీ ఆ ఏడాది ఏప్రిల్‌లోనే 6 కోట్లు పెట్టి కొత్త యంత్రాలు బిగించిందనుకోండి. పుస్తకాల్లో వాటి ఆయుష్షు 15 ఏళ్లుగా తీసుకుని, చివర్లో పాతసామానుకు వచ్చే 5 శాతం పక్కన పెట్టి, మిగతాది సమానంగా పంచుతారు. ఏడాదికి 38 లక్షల తరుగుదల. పన్ను చట్టం మాత్రం మిగిలిన విలువ మీద ఏటా 15 శాతం ఇస్తుంది, మొదటి ఏడు 90 లక్షలు. తేడా 52 లక్షలు. దాని మీద పన్ను 13 లక్షలు ఈ ఏడాది కట్టక్కర్లేదు. అంటే తమ్ముడు ఖజానాకు కట్టేది 2.08 కాదు, 1.95 కోట్లే.

మరైతే అసలు రేటు 19.5కి దిగిందా? చేతి నుంచి పోయిన డబ్బు లెక్కన అవును. లాభనష్టాల పట్టికలో మాత్రం కాదు. ఎందుకంటే ఈ తగ్గింపు ఏటా చిక్కిపోతుంది. 90 కాస్తా మరుసటి ఏడు 76.5, తర్వాత 65, అలా దిగుతూ ఏడో ఏట 34 లక్షలకు, అంటే పుస్తకాల 38 కంటే కిందికి వస్తుంది. అక్కణ్నుంచి పన్ను ఎక్కువ కట్టాలి. ఈ 13 లక్షలు మాఫీ కాదు, వాయిదా. అందుకే అకౌంటెంట్లు దాన్ని ‘డిఫర్డ్ టాక్స్’ పేరుతో ఈ ఏడాది ఖర్చులోనే రాసి, అప్పుగా చూపిస్తారు. 1.95 కోట్లకు ఆ 13 లక్షలు కలిపితే మళ్లీ 2.08 కోట్లే, 20.8 శాతమే. స్థలం మీద తగ్గింది ఎప్పటికీ తిరిగి రాదు, యంత్రం మీద తగ్గింది తిరిగొచ్చి తలుపు తడుతుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ‘పన్ను ఎగ్గొట్టారు’ అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వాయిదా పన్ను అటు నుంచి కూడా ఉంటుంది. బ్యాంకు మొండి బాకీలకు పుస్తకాల్లో ముందే పెద్ద కేటాయింపు చేస్తుంది, పన్ను చట్టం అందులో చాలా భాగాన్ని అప్పటికి ఒప్పుకోదు. పన్ను ముందు కట్టి, తర్వాత రాబట్టుకుంటామని దాన్ని ఆస్తిగా రాసుకుంటారు. ఆ ఆస్తి విలువ రేటు మీద ఆధారపడి ఉంటుంది. 35కి దగ్గరగా ఉన్న రేటుతో రాసుకున్న ఆస్తి, రేటు 25.168 అయితే రాత్రికి రాత్రి చిక్కిపోతుంది. 2019 సెప్టెంబరు త్రైమాసికంలో యాక్సిస్ బ్యాంకుకి జరిగింది ఇదే. కొత్త రేటు ఎంచుకున్నందుకు 2,138 కోట్ల భారం ఒక్కసారిగా పడి, ఆ మూడు నెలలూ 112 కోట్ల నష్టం చూపించాల్సి వచ్చింది. పన్ను తగ్గించడం వల్ల నష్టం! ఆ త్రైమాసికం రేటు చూసి ఆ బ్యాంకు గురించి తీర్పు చెప్పినవాళ్లు తప్పులో కాలేసినట్టే.

ఇవన్నీ బయటివాళ్లకి ఎలా తెలుస్తాయంటారా? దాచిపెట్టే విషయమేమీ కాదు. లిస్టయిన కంపెనీ వార్షిక నివేదికలో వెనకవైపు నోట్స్ ఉంటాయి. అందులో ఆదాయపు పన్ను నోటు తియ్యండి. లాభాన్ని చట్టం రేటుతో హెచ్చవేసి మొదలుపెట్టి, ఒక్కో పద్దు కలుపుతూ తీసేస్తూ అసలు పన్నుకు చేరే చిన్న పట్టిక ఉంటుంది, టాక్స్ రీకన్సిలియేషన్ అంటారు. తమ్ముడి పట్టికలో ‘వేరే రేటు పడే ఆదాయం’ అన్న వరసలో సుమారు 43 లక్షల తగ్గింపు కనిపిస్తుంది. అన్న పట్టికలో ‘అనుమతించని ఖర్చులు’ వరసలో 12.6 లక్షల పెంపు. తర్వాత నగదు ప్రవాహాల పట్టికలో నిజంగా కట్టిన పన్ను ఎంతో చూడండి. ఒకే ఏడాది చాలదు, అడ్వాన్సు పన్నులు, రిఫండ్లు అటూ ఇటూ అవుతాయి. ఐదేళ్లవి కలిపి చూస్తే నిలకడగా ఎంత పడుతోందో తెలుస్తుంది.

ఆ పట్టికలో రెండు వరసల దగ్గర నేనైతే ఆగుతాను. ఒకటి, ‘గతంలో గుర్తించని నష్టాల వాడకం’. పాత వ్యాపార నష్టాలను 8 ఏళ్ల దాకా ముందుకు తెచ్చుకోవచ్చు. అవి అయిపోయిన ఏడు పన్ను ఉన్నట్టుండి పూర్తి రేటుకు లేస్తుంది. నికర లాభం అంతకంత పడిపోతుంది, వ్యాపారంలో ఏమీ మారకపోయినా. ఎన్ని నష్టాలు మిగిలాయో, ఏ ఏటితో గడువు తీరుతుందో ఆ నోటులోనే రాసి ఉంటుంది. రెండోది, ‘ఇతరములు’. చిన్న అంకె అయితే వదిలేయొచ్చు. కానీ చట్టం రేటుకీ అసలు రేటుకీ ఉన్న తేడాలో సగం ఆ ఒక్క మాట వెనకే దాక్కుంటే, ఏటా అలాగే ఉంటే, వాటాదారుడిగా వార్షిక సమావేశానికి ముందే కంపెనీ సెక్రటరీకి ఉత్తరం రాసి అది ఏమిటో అడగండి. గుంటూరు పాఠకుడికి కూడా ఇదే చెబుతున్నా. మీ రెండో కంపెనీ పట్టికలో ఏ వరస ఉందో చూసి రాయండి, దాన్నిబట్టి మిగతాది మాట్లాడుకుందాం.