తేదీ మార్చాలంటే టికెట్టు చంపుకోవాలా?

మా యర్రగొండపాలేనికి రైలు లేదు. బెంగళూరు రావాలంటే బస్సెక్కి మార్కాపురం రోడ్ స్టేషనుకెళ్ళి ప్రశాంతి పట్టుకోవాలి. 2025 అక్టోబరులో నాన్న కంటి ఆపరేషన్ కోసం అమ్మానాన్నలకి రెండు స్లీపర్ బెర్తులు ఆన్‌లైన్లో తీశాను, రెండూ కన్ఫర్మ్. ప్రయాణానికి ఐదు రోజుల ముందు డాక్టరుగారు ఆపరేషన్ని మూడు రోజులు వెనక్కి జరిపారు.

"గిద్దలూరులో అత్తయ్య వాళ్ళింటికెళ్ళి అక్కడే ఎక్కుతాంరా" అని నాన్న అని ఉంటే సమస్యే లేదు. రైలు దారిలో ముందున్న స్టేషనుకి బోర్డింగ్ మార్చుకోవడం ఉచితం. ఒక్కసారే మార్చాలి, మార్కాపురం నుంచి కట్టిన డబ్బులో పైసా వెనక్కి రాదు. మార్చాక మనసు మార్చుకుని మార్కాపురంలోనే ఎక్కితే ఆ ముక్కకి టికెట్టు లేనట్టే, ఛార్జీతో పాటు జరిమానా. కఠినమే గానీ న్యాయం. బెర్తు మాత్రం మనదే.

తేదీ దగ్గరకొచ్చేసరికి వేరే లోకం. అదే టికెట్టు కౌంటర్లో కొనుంటే, బండికి 48 గంటల ముందు పట్టుకెళ్ళి, కొత్త తేదీన ఖాళీ ఉంటే ఒకసారి మార్చుకోవచ్చు. నేను కొన్నప్పుడు ఈ-టికెట్టుకి ఆ సౌకర్యం లేదు. రద్దు చేసి మళ్ళీ కొనాల్సిందే. అంటే క్యూలో నిలబడ్డవాడికి `UPDATE`, ఇంట్లో కూర్చున్నవాడికి `DELETE`, ఆ తర్వాత దేవుడి దయుంటే `INSERT`!

కొత్త తేదీకి AVAILABLE-0002 అని చూసి, నా తెలివికి నేనే మురిసిపోయి ముందు పాతది రద్దు చేశాను. బెర్తుకి 120 చొప్పున 240 పోయింది, బుకింగ్ అప్పటి కన్వీనియెన్స్ ఫీజు ఎలాగూ రాదు. తీరా కొత్తది కొనబోతే ఓటీపీ ఆలస్యమైంది, మళ్ళీ చూస్తే వెయిటింగ్. పాత బెర్తులా? అవి వెయిటింగులో ఉన్న పుణ్యాత్ములకి వెళ్ళిపోయాయి. ముందు కొత్తది కొని, చేతికొచ్చాకే పాతది రద్దు చేయాలి. రోజూ ట్రాన్సాక్షన్లు రాసే నాకే తట్టలేదు.

"ఉచితంగా మార్చనిస్తే జనం నాలుగు తేదీలకి బెర్తులు పట్టేసి కూర్చుంటారు" అంటారు కొందరు. ఒక్కసారే, 48 గంటల ముందే అన్న షరతు కౌంటర్లో పెట్టారుగా? ఆన్‌లైన్లోనూ అదే పెట్టండి!

2026 జనవరి నుంచి ఆన్‌లైన్లో రుసుము లేకుండా తేదీ మార్చుకోనిస్తామని రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ 2025 అక్టోబరులో ప్రకటించారు. కొత్త తేదీన బెర్తుకి గ్యారంటీ లేదనీ, ఛార్జీ తేడా ఉంటే కట్టాలనీ కూడా అన్నారు. సబబే. నా గొడవ రుసుము గురించి కాదు. కొత్త బెర్తు దొరికేదాకా పాతది వదలకూడదు, దొరక్కపోతే పాతది అలాగే ఉండాలి. ఆ ఒక్క రోల్‌బ్యాక్ లేకుండా ఎంత ఉచితంగా ఇచ్చినా నా కథే రిపీటవుతుంది.

అమ్మానాన్నలు మార్కాపురం నుంచి రాత్రంతా బస్సులో కూర్చునే వచ్చారు. నాన్న ఏమీ అనలేదు, అమ్మ మాత్రం "ఆ కౌంటర్లోనే తీసుకునేవాళ్ళం కదరా" అంది.