డిస్కౌంట్ ఇవ్వలేని అంగడి ఏం రాయాలి?

డిసెంబరు చివరి వారం. మీ ఫోన్‌లో ఇప్పటికే పది సేల్ మెసేజ్‌లు వచ్చి ఉంటాయి. యాభై శాతం, డెబ్బై శాతం, ‘ఈ రాత్రితో ఆఖరు’. వాటి మధ్యలో శ్రీకాళహస్తి నుంచో, చిత్తూరు నుంచో ఒక చిన్న అంగడి మెసేజ్ కూడా రావాలి. దాన్ని రాసే పని మీకే అప్పగించారనుకోండి, ఏం రాస్తారు? డిజిటల్ మార్కెటింగ్, కంటెంట్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఇలాంటి పరీక్షే పెడుతుంటారు. పైగా మన ఊళ్లలో ఈ పని నిజంగానే కావాల్సిన ఇళ్లు చాలా ఉన్నాయి.

నేను మొదటిసారి ఈ పని చేసింది ఒక స్నేహితుడి ఇంట్లో. వాళ్లమ్మ కలంకారీ దుపట్టాలు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. ఇంజినీరింగ్ అయిపోయిన కొత్త కదా, పెద్ద యాప్‌లని చూసి ‘ఇయర్ ఎండ్ ధమాకా, 40 శాతం ఆఫ్, త్వరపడండి’ అని రాసిచ్చాను. ఆమె చదివి ఒకటే అడిగారు: “ఆ నలభై ఎవరిస్తారు నాయనా?” నా దగ్గర జవాబు లేదు. అప్పుడు కూర్చుని లెక్క రాసుకున్నాం. మెసేజ్ కన్నా ముందు రాయాల్సింది ఆ లెక్కే.

సులువుగా ఉండడానికి గుండ్రటి అంకెలు తీసుకుందాం. దుపట్టా ధర 2,400 రూపాయలు. బట్ట, రంగులు, గీసినవాళ్ల కూలి, ప్యాకింగ్, కొరియర్ అన్నీ కలిపి ఖర్చు 1,800. మిగిలేది 600. డిసెంబరులో 14 దుపట్టాలు అమ్మితే చేతికి 8,400 వస్తుంది. ఇప్పుడు 20 శాతం తగ్గించండి. ఒక్కోదాని మీద 480 పోతుంది, మిగిలేది 120. అదే 8,400 రావాలంటే 70 దుపట్టాలు అమ్మాలి. 25 శాతం తగ్గిస్తే మిగిలేది సున్నా. నేను రాసిన 40 శాతానికైతే ప్రతి దుపట్టాకీ 360 రూపాయలు ఇంట్లోంచి పెట్టాలి.

పెద్ద సంస్థలకి ఈ లెక్క ఎలా కుదురుతుంది? అక్కడ తగ్గింపు భారం ఒక్కరి మీద పడదు. కొంత బ్యాంకు కార్డు ఆఫర్ రూపంలో వస్తుంది, కొంత బ్రాండ్ భరిస్తుంది, కొంత అమ్మకందారు మీద పడుతుంది. మిల్లులో ప్రింటయ్యే బట్ట అయితే వెయ్యి ముక్కలు అదనంగా వేయడం కష్టం కాదు. మన దుపట్టా సంగతి అలా కాదు. 14 బదులు 70 కావాలన్నా గీసే చేతులు పెరగవు. కాబట్టి ‘తగ్గించలేం’ అన్నది పిసినారితనం కాదు, ఆ వస్తువు తయారయ్యే పద్ధతి నుంచి వచ్చిన మాట. మెసేజ్‌కి బలం అక్కడే ఉంది.

ఆ పద్ధతిని ఒకసారి చూద్దాం. శ్రీకాళహస్తి కలంకారీలో ముందు నూలు బట్టని కరక్కాయ, గేదె పాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు గీత దాటి పాకదు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానితే వచ్చే ద్రావణంతో, వెదురు కలం పట్టుకుని బొమ్మ గీస్తారు. కరక్కాయలోని వగరు, ఆ ఇనుము కలిసి బట్ట మీద నల్లగా మారతాయి. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, తర్వాత రంగు నీళ్లలో ఉడికిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. ప్రతి దశ తర్వాతా పారే నీళ్లలో ఉతకాలి, ఎండలో ఆరబెట్టాలి. ఈ పని స్వర్ణముఖి ఒడ్డున పెరిగింది అందుకే.

ఇక్కడ మెసేజ్‌కి పనికొచ్చే విషయం ఒకటి దొరుకుతుంది. మనవైపు పెద్ద వానలు పడేది ఈశాన్య రుతుపవనాల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఎండ లేకపోతే బట్ట ఆరదు, తర్వాతి దశకి పోలేం. సరిగ్గా దేశమంతా సేల్ పెట్టే సమయంలోనే మన దగ్గర సరుకు తక్కువగా ఉంటుంది. పెద్ద యాప్‌లో ‘రెండే మిగిలాయి’ అని కనిపిస్తే అది నిజమో కాదో మీకు తెలీదు. ఈమె ‘వానల వల్ల ఈ నెల 14 మాత్రమే తయారయ్యాయి’ అంటే కారణం కూడా చెబుతున్నారు. చదివేవాళ్లు కిటికీలోంచి ఆకాశం చూసి ఒప్పుకోగలరు.

ఈ తేడా చట్టం దృష్టిలోనూ ఉంది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్‌లో కొనేవాళ్లని మాయచేసే 13 పద్ధతులని నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందర పుట్టించడం వాటిలో ఒకటి. ఇవి యాప్‌లకే కాదు, అమ్మకందారులకీ వర్తిస్తాయి. అలాగే ఎప్పుడూ 2,400కి అమ్మేదాని మీద 4,000 అని రాసి కొట్టేసి ‘40 శాతం ఆఫ్’ అంటే, అది తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. చిన్న అంగళ్లకి సలహా ఇచ్చేవాళ్లు ఎక్కువగా చెప్పే చిట్కా ఇదే. మీరు మాత్రం చెప్పొద్దు. పాత కస్టమర్ పోయిన నెల బిల్లు తీసి చూస్తే అంగడి పరువు పోతుంది.

ఇప్పుడు సర్వీసు సంగతి. ‘నాణ్యతకు మారుపేరు, ఉత్తమ సేవలు’ అని రాస్తే ఎవరూ చదవరు, ఎందుకంటే దాన్ని పరీక్షించే దారి లేదు. కొనేవాళ్లు సరిచూసుకోగలిగే మాట ఇవ్వాలి, దానికెంత ఖర్చవుతుందో ముందే లెక్కేసుకోవాలి. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటాం, తిరుగు కొరియర్ మాదే అన్నారనుకోండి. 14లో రెండు వెనక్కొచ్చినా, రానూపోనూ కొరియర్, మళ్లీ ప్యాకింగ్ కలిపి 500 రూపాయలు అనుకుందాం. ఉతకని దుపట్టా మళ్లీ అమ్ముడవుతుంది. అదే 14 మీద 20 శాతం తగ్గింపు ఇస్తే పోయేది 6,720. చూడకుండా 2,400 పెట్టాలంటే కొనేవాళ్లకి ఉండే అసలు భయం ‘వచ్చింది బాగోకపోతే ఎలా?’ అన్నదే. ఆ భయాన్ని 500తో తీర్చవచ్చు.

ఇవన్నీ పెట్టి రెండోసారి రాసింది ఇలా ఉంది:

“నమస్కారం. అందరూ ఇయర్ ఎండ్ సేల్ పెడుతున్నారు. మేం పెట్టడం లేదు. మా దుపట్టా ధర ఏడాదంతా 2,400, ఇప్పుడూ అంతే. ప్రతి గీతా వెదురు కలంతో చేత్తో గీసింది, అచ్చు కాదు. వానల వల్ల ఈ నెల 14 మాత్రమే తయారయ్యాయి. ఫొటోలు పగటి వెలుతురులో తీసినవే. మీకు నచ్చినదాన్ని ముందూ వెనకా వీడియో తీసి పంపుతాం, చూసుకున్నాకే డబ్బు పంపండి. అందాక నచ్చకపోతే ఉతక్కుండా 7 రోజుల్లో చెప్పండి, తిరుగు కొరియర్ ఖర్చు మాదే. జనవరి 5 లోపు చెబితే సంక్రాంతికి ముందే అందేలా పంపుతాం. ఉదయం 10 నుంచి రాత్రి 8 వరకు ఫోన్‌లో మేమే మాట్లాడతాం.”

వెనక వైపు వీడియో ఎందుకంటే, అచ్చు బట్టలో చాలాసార్లు రంగు ఒకవైపే గాఢంగా ఉంటుంది, వెనక వెలిసినట్టు కనిపిస్తుంది. కలంతో గీసినదానిలో రంగు వెనక్కి కూడా దిగుతుంది. గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. ఒకే నెమలి రెండుసార్లు వచ్చినా రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. స్క్రీన్ ప్రింట్ బట్టకి ఆ పేరు పెట్టి అమ్మకూడదు. కాబట్టి రాసేముందు సరుకు మీరే చూడండి. అమ్మేవాళ్లు చెప్పారు కదా అని ‘సహజ రంగులు’ అని రాసేయకండి, ఏ రంగు దేంతో చేశారో అడగండి.

మెసేజ్ మొదట పంపాల్సింది పాత కస్టమర్లకి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ అయితే, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుందని గుర్తుంచుకోండి. అందరికీ ఒకేసారి కాకుండా ముప్పై మందికి పంపి ఒక రోజు ఆగండి. వచ్చే ప్రశ్నలని రాసుకోండి. ఒకే ప్రశ్న నలుగురు అడిగితే మెసేజ్‌లో ఆ సమాధానం లేదని అర్థం. ‘ఇంకా ఎంత తగ్గిస్తారు?’ అనే ఎక్కువమంది అడిగితే మొదటి రెండు వాక్యాలు సరిగా రాలేదని అర్థం. ఫోన్ దగ్గర మనిషి లేనప్పుడు పంపకండి. ‘8 వరకు మాట్లాడతాం’ అని 7 గంటలకి ఫోన్ ఎత్తకపోతే, సర్వీసు అన్న మాట అక్కడే అబద్ధమైపోతుంది.

ఈ పద్ధతి అన్నింటికీ పనికిరాదు. చిత్తూరులో ఒక మొబైల్ అంగడి పెద్ద యాప్‌లో దొరికే అదే కంపెనీ చార్జర్‌ని ఎక్కువ ధరకి అమ్ముతుంటే, ‘విలువ’ గురించి ఎంత రాసినా కొనేవాళ్లు ధరలే పోల్చుకుంటారు, అది న్యాయమే. అక్కడ చెప్పుకోవడానికి మిగిలేది యాప్ చేయలేని పని ఒక్కటే: మీ ఫోన్‌కి పెట్టి చూపించి ఇస్తాం, పాడైతే ఇక్కడికే తెండి, అదే రోజు మార్చిస్తాం. ఆ పని నిజంగా చేయకపోతే రాయడానికి ఏమీ లేదు. అది కూడా ఓనర్‌తో చెప్పడం మీ పనిలో భాగమే.

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే వెంటనే రాయడం మొదలుపెట్టకండి. ముందు మూడు అడగండి: ఒక్కోదాని మీద ఎంత మిగులుతుంది, నెలకి ఎన్ని తయారు చేయగలరు, పోయినసారి కొన్నవాళ్లు ఏమని ఫిర్యాదు చేశారు. మూడోదానికి మా స్నేహితుడి అమ్మ దగ్గర జవాబు ఉంది. ఎండలో ఆరేస్తే రంగు తగ్గిందని ఇద్దరు అన్నారట. నేను రాసిన మెసేజ్ చదివి, చివర ఒక్క వాక్యం ఆమే చేర్చారు: “మొదటిసారి విడిగా ఉతకండి, నీడలోనే ఆరేయండి, లేకుంటే రంగు తగ్గుతుంది.” అమ్మే మెసేజ్‌లో లోపం ఎందుకమ్మా అన్నాను. “కొన్నాక తెలిసేదాని కన్నా ముందే చెబితే మేలు కదా” అన్నారు. ఆ వాక్యాన్ని అలాగే ఉంచాం.