రీప్లే చెరిపేస్తే మాట చెరిగిపోదు

"డిలీట్ కొట్టెయ్యండి, గొడవ వదిలిపోతుంది."

లైవ్‌లో ఏదైనా తేడా జరిగితే మనవాళ్ల నోట మొదట వచ్చే మాట ఇదే. గుడి కమిటీ అయినా, తెలుగు సంఘమైనా, సొంతంగా ఛానల్ నడుపుకునే కుర్రాడైనా ఇదే సలహా. రీప్లే ఉంటేనే కదా దాన్ని కోసి ముక్కలు చేసేది, అసలే లేకుండా చేస్తే పీడ పోయె అని అందరి లెక్క. ఆ లెక్క తప్పు. రీప్లేని తొందరపడి చెరిపితే చాలాసార్లు పోయేది మన సాక్ష్యమే, నిలిచేది ఎదుటివాడి ముక్కే. ఈ మాట నేను ఊహించి చెప్పడం లేదు. రాయ్‌పూర్‌లో మా సంఘం ఉగాది సభ తర్వాత మేమే ఆ పని చేశాం. ఆ రాత్రి చెయ్యెత్తిన వాళ్లలో నేనూ ఉన్నాను.

వాల్తేరు రైలెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు మావి. పిల్లల పాటలు, నాటిక, పంచాంగ శ్రవణం శ్రీకాకుళంలో ఉన్న తాతలూ అమ్మమ్మలూ చూడాలని స్టాండుకు ఫోన్ బిగించి యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చాం. దాదాపు మూడు గంటలు నడిచింది. నాటికకు తెర సర్దుతున్న సమయంలో మా పెద్దాయన ఒకరు పక్కనున్న వ్యక్తితో చందాల సంగతి మాట్లాడారు. చేతిలో మైకు ఆపలేదు. "ఫలానా వాళ్లు ఈ ఏడు చందా ఇవ్వలేదు" అన్నది హాలంతా వినపడింది. ఆ వెంటనే ఆయన అన్న మాట ఇంకొకటుంది. "పాపం, ఆసుపత్రి ఖర్చుల్లో ఉన్నారు, నేనే వద్దన్నాను, వాళ్ల పేరు మాత్రం తీయకండి." చూస్తున్న వాళ్లలో ఎవరో మొదటి మాట దగ్గర కోసి, ఇరవై రెండు సెకన్ల క్లిప్ చేసి సంఘం వాట్సాప్ గ్రూపులో పడేశారు. పది నిమిషాల్లో ఆ కుటుంబం నుంచి ఫోన్ వచ్చింది.

అప్పుడే కమిటీ కూర్చుంది. డిలీట్ అన్నారు, డిలీట్ చేశాం. గ్రూపులో ఉన్న లింకు నొక్కితే వీడియో అందుబాటులో లేదని వచ్చింది. హమ్మయ్య అనుకుని ఇళ్లకు వెళ్లాం.

తెల్లారేసరికి అదే ఇరవై రెండు సెకన్లు మరో గ్రూపులో ఉంది. ఈసారి లింకు కాదు, ఫోన్ తెరను రికార్డు చేసిన ఫైలు. పెద్దాయన ఆ రెండో మాట అన్నారని మేం ఎంత చెప్పినా ఆ ఇంటివాళ్లు నమ్మలేదు. "మరి వీడియో ఎందుకు తీసేశారండీ?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. ఫోన్ నుంచి నేరుగా పంపిన లైవ్ కాబట్టి వేరే కాపీ ఎవరి దగ్గరా లేదు. డిలీట్ చేసిన వీడియోను యూట్యూబ్ తిరిగి ఇవ్వదు. ఆయన్ని నిర్దోషిగా చూపించే ఆ కొద్ది సెకన్లను మా చేతులతో మేమే చెరిపేశాం. పిల్లల పాటలూ దానితోనే పోయాయి.

లోపం ఎక్కడుందో తర్వాత కూర్చుని తెలుసుకున్నాను. మనం అన్నిటినీ క్లిప్ అనే ఒక్క పేరుతో పిలుస్తాం గానీ అవి వేర్వేరు వస్తువులు. యూట్యూబ్‌లో ప్రేక్షకుడు క్లిప్ బటన్ నొక్కి చేసే ముక్క ఐదు సెకన్ల నుంచి అరవై సెకన్ల దాకా ఉంటుంది. అది విడి వీడియో కాదు. అసలు వీడియో గోడకు కొట్టిన కిటికీ లాంటిది. అసలుది డిలీట్ అయినా, ప్రైవేట్‌లో పెట్టినా ఆ కిటికీ మూసుకుపోతుంది. అన్‌లిస్టెడ్‌లో పెడితే మాత్రం మూసుకోదు. వీడియో ఛానల్ పేజీలో కనిపించదు కాబట్టి దాచేశాం అనుకుంటారు, లింకు ఉన్నవాడి దగ్గర క్లిప్ ఆడుతూనే ఉంటుంది. ట్విచ్‌లో వరస వేరు. గేములు ఆడుతూ లైవ్ ఇచ్చే పిల్లలు ఎక్కువగా అక్కడ ఉంటారు. అక్కడ క్లిప్ దానికదే ఒక ఫైలు. రీప్లే తీసేసినా క్లిప్ బతికే ఉంటుంది, దాన్ని క్లిప్‌ల జాబితాలోకి వెళ్లి విడిగా తీయాలి. ఇక మూడోది, తెర రికార్డు చేసిన ఫైలు. దానికీ మన వీడియోకీ ఏ దారమూ లేదు. మనం మన ఛానల్‌లో ఏం చేసినా దానికి తెలియదు.

అంటే డిలీట్ బటన్ యూట్యూబ్ సొంత క్లిప్‌ను చంపుతుంది, సరే. కానీ ఆ పని ప్రైవేట్ కూడా చేస్తుంది, పైగా అసలుది మన చేతిలోనే ఉంటుంది. తెర రికార్డు ముందు రెండూ ఒకటే. మరి డిలీట్‌తో అదనంగా వచ్చింది ఏమిటి? నష్టం తప్ప ఏమీ లేదు.

"సాక్ష్యం పోతే మంచిదే కదా, పోలీసుల దాకా వెళ్లదు" అని ఒకాయన నాతో వాదించారు. ఇది అంతకంటే ప్రమాదమైన భ్రమ. 2024 జూలైలో యూట్యూబర్ ప్రణీత్ హనుమంతు సంగతి తెలుగువాళ్లంతా చూశారు. తండ్రీకూతుళ్ల చిన్న వీడియో మీద కొందరు కూర్చుని యూట్యూబ్‌లో చేసిన నీచమైన వ్యాఖ్యల ముక్క బయటికి వచ్చింది. నటుడు సాయి దుర్గా తేజ్ దాన్ని ఎత్తిచూపి రెండు తెలుగు రాష్ట్రాల పాలకులను కదిలించారు. క్షమాపణ వీడియో వచ్చింది, అయినా కేసు ఆగలేదు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పోక్సో చట్టం సెక్షన్లు కూడా పెట్టింది. ప్రణీత్‌ను బెంగళూరులో అరెస్టు చేసి హైదరాబాద్ తెచ్చారు. అలాంటి చోట అసలు వీడియో ఛానల్‌లో ఉందా లేదా అన్నది కేసును ఆపే సంగతి కాదు. ఫిర్యాదు మీదో కోర్టు ఆదేశం మీదో తాము తీసేసిన సమాచారాన్ని దర్యాప్తు కోసం 180 రోజులు భద్రపరచాలని 2021 నాటి ఐటీ నిబంధనలే ఈ వేదికలకు చెబుతున్నాయి. నేరం జరిగిందని తెలిసి, నేరస్థుణ్ని శిక్ష నుంచి తప్పించాలని ఆధారం మాయం చేస్తే భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షన్ కింద అది మరో నేరం. చెరిపినవాడికి రక్షణ ఏదీ దొరకదు.

ఆ ఉదంతంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. తిట్టడానికని ఆ ముక్కను మళ్లీ మళ్లీ పంచిన మంచివాళ్లలో ఎంతమంది ఆ పాప ముఖం కప్పి పంచారు? ఖండించే చెయ్యీ పాపను మళ్లీ అందరి ముందుకు లాగింది. పసిపిల్లలు, ఒంటి మీద సోయి లేని మనుషులు, ఆసుపత్రి మంచం, ఇంటి చిరునామా వంటివి లైవ్‌లో పడితే ఒక్క క్షణం ఆగకూడదు, వెంటనే కనపడకుండా చేయాలి. నేను డిలీట్‌కు ఎదురు చెబుతున్నాను గానీ దాచడానికి కాదు. అలాంటి ముక్క మన ఫోన్‌కు వస్తే అక్కడే ఆపాలి. పిల్లలకు సంబంధించినదైతే cybercrime.gov.in లో ఫిర్యాదు ఇవ్వాలి. గ్రూపులో చర్చకు పెట్టకూడదు.

మరి ఏం చేయాలి? మా తప్పు నుంచే చెబుతాను. గొడవ మొదలైన నిమిషంలో రీప్లేని ప్రైవేట్‌లో పెట్టాలి. దాంతో యూట్యూబ్ క్లిప్‌లు ఆడటం ఆగిపోతుంది. తర్వాత యూట్యూబ్ స్టూడియోలోకి వెళ్లి ఆ వీడియోను డౌన్‌లోడ్ చేసి ఇద్దరి దగ్గర ఉంచాలి. లైవ్ అయిపోగానే అది సిద్ధంగా ఉండదు, ప్రాసెసింగ్ అయ్యేదాకా ఓపిక పట్టాలి. నొచ్చుకున్నవాళ్లను పిలిచి, లేదా వాళ్ల ఇంటికే వెళ్లి, పూర్తి భాగం చూపించాలి. మేం ఆ రాత్రే ఆ పని చేసి ఉంటే సంగతి ఆ ఇంటి గుమ్మం దగ్గరే ముగిసేది. ఒక ముక్క మాత్రమే తీయాలనుకుంటే స్టూడియో ఎడిటర్‌లో ఆ భాగాన్నే కోయొచ్చు. వీడియో లింకు మారదు, మిగతా పాటలూ ఆటలూ నిలుస్తాయి. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. కోత ఎక్కడానికి గంటలు పట్టొచ్చు, అంతదాకా జనానికి పాతదే కనిపిస్తుంది. అందుకే కోత పూర్తయ్యేదాకా ప్రైవేట్ నుంచి కదపకూడదు. మళ్లీ బయట పెట్టేటప్పుడు, ఫలానా చోట కొంత భాగం తీశామని వివరణలో రాయాలి. రాయకపోతే "ఎందుకు తీశారు" అనే ప్రశ్న మళ్లీ మొదలవుతుంది.

తెర రికార్డును వెంటాడటం వేరే పని. వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ ఎవరి సందేశాన్నయినా అందరికీ పోయేలా తీసేయగలరు. కానీ అప్పటికే గ్యాలరీలో సేవ్ అయినది పోదు. అది పోవాలంటే మనిషి మనిషినీ అడగాలి. అదే ముక్కను ఎవరైనా యూట్యూబ్‌లో ఎక్కిస్తే రెండు దారులున్నాయి. తీసినవాళ్లం మనమే కాబట్టి కాపీరైట్ ఫిర్యాదు ఒకటి. అందులో కనిపించే మనిషి స్వయంగా ఇచ్చే ప్రైవసీ ఫిర్యాదు రెండోది. ఈ రెండో దారిలో ఎక్కించినవాడికి తీసేయడానికి 48 గంటలు ఇచ్చి, ఆ తర్వాత యూట్యూబ్ పరిశీలిస్తుంది. యూట్యూబ్‌కు నకళ్లను తనంతట తాను పట్టుకునే ఏర్పాటు ఉంది గానీ అది పూర్తిగా లేదా దాదాపు పూర్తిగా ఎక్కించిన వీడియోలకే. ఇరవై రెండు సెకన్ల ముక్క దాని కంటపడుతుందని నమ్మకం పెట్టుకోకండి. ఏ దారిలో వెళ్లినా ఇది మాదే, ఇదిగో అసలుది అని చూపగలిగితే మన మాటకు బలం ఉంటుంది. డిలీట్ చేసినవాడు ఏం చూపిస్తాడు?

2024 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు లైవ్ విచారణలో న్యాయమూర్తి ఒకరు చేసిన వ్యాఖ్యల ముక్కలు దేశమంతా తిరిగాయి. హైకోర్టు ఆ ముక్కలను చూపొద్దని ఛానళ్లను ఆదేశించింది. సుప్రీంకోర్టు ఐదుగురి ధర్మాసనం ఆ వ్యవహారాన్ని చేపట్టి, న్యాయమూర్తి విచారం తెలిపాక ముగించింది. ముగిస్తూ, వెలుగు ఇబ్బంది పెట్టిందని తలుపులు మూయడం పరిష్కారం కాదని, ఇంకా వెలుగు రానివ్వాలని చెప్పింది. అంత పెద్ద కోర్టు, న్యాయస్థానాల లైవ్ విషయంలో తీసుకున్న వైఖరి అది. ఇరవై కుటుంబాల సంఘానికి ఆ మాత్రం ధైర్యం లేకపోవడం నాకు సిగ్గనిపించింది.

సంఘాలు నడిపే పెద్దలకు, లైవ్‌లు ఇచ్చే పిల్లలకు నా విన్నపం ఒక్కటే. ఫోన్ స్టాండుకు బిగించే ముందే, గొడవ వస్తే వీడియోను ప్రైవేట్‌లో పెట్టేది ఎవరు, కాపీ ఉంచేది ఎవరు, ఆ ఇంటికి వెళ్లేది ఎవరు అని పేర్లు అనుకోండి. డిలీట్ మాట కనీసం వారం దాకా ఎవరూ ఎత్తకండి.

తర్వాతి ఉగాదికి మా పెద్దాయన వచ్చారు. చివరి వరసలో కూర్చున్నారు. మైకు ఇవ్వబోతే చేత్తో వెనక్కి నెట్టారు.