ఈఎంఐ మారలేదంటే భారం పెరగలేదని కాదు



రెపో పెరిగినా ఈఎంఐ కదల్లేదన్న మరో పాఠకుడి ఊరట చూసి దిగులేసింది. కదలనిది కిస్తీ మాత్రమే, గడువు కాదు. 2022 ఏప్రిల్‌లో 4 శాతమున్న రెపో, 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. బ్యాంకు స్ప్రెడ్ 2.75 అనుకుంటే, అది మారకుండానే వడ్డీ 6.75 నుంచి 9.25కి చేరుతుంది. 30 లక్షలకు, 20 ఏళ్లకు పాత ఈఎంఐ సుమారు 22,811 రూపాయలు. కొత్త రేటులో ఆ 30 లక్షలపై నెల వడ్డీయే 23,125! అసలు తరగనే తరగదు. గడువు ఎంత పొడిగించినా అప్పు తీరదు. బాకీ కొంత తగ్గినవారికి కిస్తీలో అసలు వాటా చిక్కిపోయి ఏళ్లు పెరుగుతాయి. రీసెట్ వేళ ఈఎంఐ పెంచుకునే వీలు ఇవ్వాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. హబ్సిగూడలో ఫ్లాట్లు కొన్న మా ఇరుగుపొరుగు స్టేట్‌మెంట్‌లో మిగిలిన వాయిదాల సంఖ్య చూసుకుని, ఈఎంఐ పెంచమని బ్యాంకును రాతపూర్వకంగా అడగాలి.

— ఒక పాఠకుడు, హబ్సిగూడ