ఏ స్టేషనుదని కాదు, కేసు రాశారా అని అడుగుదాం

మిల్లుకు పోయే ఆడకూతురి వెంట ఒకడు పడుతున్నాడంటే, మన యూనియన్ ఆఫీసుల్లో కూడా ముందు వినిపించే మాట ఒకటే: "పిలిచి మందలిద్దాం, స్టేషను దాకా ఎందుకు?" మందలింపు ఒకసారికి సరే. ఆ తర్వాతా వాడు ఆగకపోతే అది మన పంచాయితీ పరిధి దాటినట్టే.

ఎప్పుడు దాటిందో చట్టమే చెబుతోంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను ప్రకారం, ఇష్టం లేదని స్త్రీ స్పష్టంగా తెలిపాక కూడా మాటిమాటికీ వెంటపడి పలకరించబోవడం నేరం. మొదటిసారి రుజువైతే మూడేళ్ళ దాకా జైలు. కనుక ఫిర్యాదుకు ఆయువుపట్టు రెండు సంగతులు: "వద్దు" అని చెప్పిన రోజు, ఆ తర్వాత వాడు మళ్ళీ వచ్చిన రోజులు. చెయ్యి వేసినా, చంపుతానన్నా రెండోసారి కోసం చూడకుండా ఆరోజే వెళ్ళాలి.

పావగడ తాలూకాలో మనకు ఇంకో చిక్కుంది. మూడు దిక్కులా ఆంధ్ర సరిహద్దే. పల్లె ఇక్కడ, మిల్లు హిందూపురంలో ఉన్న అమ్మాయిని అక్కడి బస్టాండులో ఒకడు వేధించాడనుకుందాం. ఇక్కడి స్టేషనువారు "అది మా పరిధి కాదు" అంటే? 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలు కనిపించని రాత్రి, ఆమె కుటుంబాన్ని పరిధి పేరుతో స్టేషన్ల మధ్య తిప్పారు. ఆ జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. కానీ ఆమె ప్రాణం పోయింది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలని ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతోంది. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. తర్వాత కేసును హిందూపురానికి వాళ్ళే పంపుతారు.

ఆ అమ్మాయి ఫిర్యాదు ఇలా ఉండాలి: "ఫలానా తేదీన సాయంత్రం షిఫ్టు అయ్యాక బస్టాండులో, నా వెంట రావద్దని ఇతనికి చెప్పాను. తోటి పనివాళ్ళు ఇద్దరు విన్నారు. ఆ తర్వాత ఫలానా మూడు తేదీల్లో మళ్ళీ వెంటపడ్డాడు." బెదిరించి ఉంటే వాడన్న మాటలు ఉన్నవున్నట్టు రాయాలి. వట్టి బెదిరింపే రాస్తే మేజిస్ట్రేటు అనుమతి కావాలని పక్కన పెట్టవచ్చు. వెంటపడిన సంగతీ అందులోనే ఉంటే పోలీసులు నేరుగా దర్యాప్తు చేయాల్సిందే. ఫోనులోని మెసేజీలు, కాల్స్ చెరపకూడదు.

నోటితో చెప్పినా చాలు. ఈ నేరంలో స్త్రీ చెప్పేది మహిళా అధికారే రాసుకోవాలి. కన్నడంలో రాస్తే చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం, అడిగి తీసుకోవాలి. రాయకపోతే అదే సంగతి తుమకూరు జిల్లా ఎస్పీకి పోస్టులో రాసి పంపాలి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు ఉంది.

వేధించినవాడు మిల్లువాడే అయితే, మూడు నెలల్లోగా మిల్లులోని అంతర్గత కమిటీకి కూడా రాయాలి. "కమిటీ చూస్తోంది, పోలీసులెందుకు" అని యాజమాన్యం అంటే వినకండి. ఆమె కేసు పెడతానంటే సాయపడటం 2013 చట్టం ప్రకారం యాజమాన్యం బాధ్యత. మన ప్రతినిధుల పని రాజీ కుదర్చడం కాదు, సాక్షులను వెంటబెట్టుకుని ఆమెతో స్టేషనుకు నడవడం.